పదకొండు బై ఇరవైనాలుగు చెరువు

మా కొల్లేటి ఒడ్డున చెరువుకి పేరుండదు, నెంబరుంటుంది. ఇది కల్పించి చెప్పే మాట కాదు. కల్పించేవి కూడా చెబుతాను, అవి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. మా నాన్న కాలంలో ఒక కొర్రమీను గాలానికి తగులుకుని పడవని మండవల్లి వైపునించి ఆకివీడు దాకా లాక్కుపోయింది. మధ్యలో పడవవాడికి ఆకలేస్తే ఆ కొర్రమీనే కాసేపు ఆగి, వాణ్ణి చద్దన్నం తిననిచ్చి, మళ్ళీ లాగింది. ఆ పడవకి గాని, ఆ కొర్రమీనుకి గాని ఏ నెంబరూ లేదు. అందుకే ఎవరూ పట్టుకోలేకపోయారు.

ఇప్పుడలా కుదరదు. పొలం చెరువైనా సర్వే నెంబరు పోదు. ఫలానా నెంబరు భూమిని ముక్కలు చేసినప్పుడు ప్రతి ముక్కకీ ఇంకో నెంబరు తగిలిస్తారు, రెంటికీ మధ్యన ఒక ఏటవాలు గీత. నా చేపల చెరువు తొమ్మిది బై మూడు. నరసరాజు గారి రొయ్యల చెరువుల్లో పెద్దది నూటపన్నెండు బై నాలుగు. దానమ్మ కౌలుకి తీసుకున్నది పదకొండు బై ఇరవైనాలుగు. కాగితం మీద రాస్తే 112/4, 11/24. ఈ రెండూ ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మధ్యలో అందరికీ కలిపి ఒకటే మురుగు కాలవ.

దానమ్మ మొగుడు ఏసుకుమార్ రొయ్యల చెరువుల మీద కాపలా ఉండి, ఉండి, తనూ ఒక చెరువు వెయ్యాలని కలలుగని, వెయ్యకుండానే పోయాడు. ఆవిడ వేసింది. ఎకరన్నర చెరువు, నీళ్ళకి గాలి కొట్టే రెండు ఏరియేటర్లు, గట్టు మీద ఒక తాటాకు పాక. మేత తనే చల్లేది, రొయ్యల్ని తనే చూసుకునేది. చెక్ ట్రే అని ఒక వలగుడ్డ పళ్ళెం ఉంటుంది, దాంట్లో గుప్పెడు మేత వేసి నీళ్ళలో దింపి, కాసేపాగి పైకి లాగితే రొయ్యలు తిన్నాయో లేదో తెలుస్తుంది. దానమ్మ రొయ్యలు పళ్ళేన్ని నాకేసేవి.

“నీ రొయ్యలు ఆ వలగుడ్డ కూడా తినేస్తాయేమోనమ్మా, కాస్త దూరంగా నిలబడు, నీ కొంగు పట్టుకుంటాయి” అనేవాణ్ణి నేను.

“మీ చేపల్లాగా సోమరిపోతులు కాదండీ బాబాయిగారూ. మీ బొచ్చెలు మీ కబుర్లు వింటా మేత మర్చిపోతన్నాయంట. ఊళ్ళో అనుకుంటన్నారు” అనేది.

ఆవిడకి ఇది మొదటి పంట. ఇది చేతికొస్తే చెరువు కౌలు నిలబడుతుంది, లేకపోతే గట్టు దిగాలి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, నరసరాజు గారికీ తెలుసు. ఆయన మా రొయ్య రైతుల సొసైటీకి ప్రెసిడెంటు. ఆ పదకొండు బై ఇరవైనాలుగు పక్కన ఆయనవి ఇంకో రెండు చెరువులున్నాయి. మధ్యలో ఇదొక్కటే పంటికింద రాయిలాగా ఉండిపోయింది.

సొసైటీ ఎందుకు పెట్టుకున్నామంటే తెల్లమచ్చ కోసం. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలితే పక్కవాడి చెరువుకి పాకడానికి కాలవ నీళ్ళు చాలు, కొంగ ముక్కు చాలు. ఒకడు గుట్టుగా దాచుకుని చెరువు నీళ్ళు కాలవలోకి వదిలేస్తే ఊరంతా మునుగుతుంది. అందుకని నాబోటి చేపల వాళ్ళతో సహా అందరం కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాం. ప్రతి చెరువు నించీ సొసైటీ మనిషే రొయ్యలు తీసి సీసాలో వేసి తాడేపల్లిగూడెం ల్యాబుకి పంపాలి. తెగులు ఉందని వచ్చిన చెరువు నీళ్ళు కాలవలోకి వదలకూడదు. ఆ రోజే సొసైటీ తరపున బ్లీచింగు కొట్టి, చెరువులో ఉన్నదంతా చంపెయ్యాలి. ఎవరి చెరువైనా సరే, బతిమాలుకోవడాలు లేవు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. దాన్ని చూసుకుని మేమంతా మురిసిపోయాం. సీసా మీద రైతు పేరు రాయకూడదు. పేరు రాస్తే ల్యాబులో పలుకుబడి పనిచేస్తుంది, పెద్దవాళ్ళ రొయ్యలకి జబ్బు చెయ్యదు, బీదవాళ్ళ రొయ్యలకే చేస్తుంది అని. చెరువు నెంబరొక్కటే రాయాలి. ఈ మాట పెట్టింది నేనే. అందరూ చప్పట్లు కొట్టారు. నరసరాజు గారు కూడా కొట్టారు.

ఆ రోజు పొద్దున నేను నా చెరువు గట్టు మీద కూర్చుని పళ్ళపుల్ల నములుతుంటే దానమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. నడిచి రాలేదు, గట్టు మీద పరుగెత్తింది.

“బాబాయిగారండీ, ఇది చదవండి ఒకసారి.”

ల్యాబు నించి వచ్చిన మెసేజి. మీ చెరువు నెంబరు 1124, తెల్లమచ్చ వైరస్ ఉంది.

నేను పళ్ళపుల్ల పారేశాను.

“దాని కింద ఇంకోటుందండి” అంది.

రెండోది కూడా ల్యాబు నించే. మీ చెరువు నెంబరు 1124, తెల్లమచ్చ వైరస్ లేదు.

“ఉందంటారు, లేదంటారు. ఏది నిజమండీ? పొద్దున్నే ట్రే ఎత్తి చూశానండి. గింజ మిగల్లేదు. తెగులున్న రొయ్య తింటదాండీ?”

తినదు. తెగులున్న రొయ్య గట్టు పక్కకొచ్చి, ఒంటి మీదకి ఎర్రదనం తెచ్చుకుని, కాలక్షేపానికి ఈదుతున్నట్టు ఈదుతుంది. నేను వెళ్ళి చూశాను. దానమ్మ చెరువులో గట్టు పక్కన ఒక్క రొయ్య లేదు.

ఆ రెండు మెసేజీలూ దానమ్మ ఫోను నెంబరుతో సహా సొసైటీ వాళ్ళ గ్రూపులో కూడా పడ్డాయి. ల్యాబు అలా పంపిస్తుంది, ఎవరూ దాచుకోకుండా. నేనూ దానమ్మా సొసైటీ షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి అప్పటికే బ్లీచింగు బస్తాలు ట్రాక్టరు మీదకి ఎక్కిస్తున్నారు. నరసరాజు గారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు.

“రా దానమ్మా. బాధగానే ఉంటది. కానీ కట్టుబాటు కట్టుబాటే కదా” అన్నారు.

“రెండు మెసేజీలు వచ్చినయ్యండీ రాజుగారూ. ఒకటి లేదని కూడా ఉందండి.”

“ఉందని వచ్చినాక లేదని ఎన్నొస్తే ఏంటమ్మా? పామున్న ఇంట్లో పాము లేని మూల కూడా ఉంటది. అక్కడ పడుకోమంటావా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కల్పించిన కథలకి కూడా వాళ్ళు అంత గట్టిగా నవ్వరు.

“మీకేమని వచ్చింది రాజుగారూ?” అని అడిగాను.

“నాకింకా రాలేదు పెద్దాయనా. సిగ్నలు బాగాలేదు.”

“ల్యాబుకి వెళ్ళి కనుక్కుని వస్తాం. ఒకే చెరువుకి రెండు జవాబులొస్తే అడగడం తప్పు కాదుగా. సాయంత్రం దాకా ఆపండి” అన్నాను.

ఆయన ఖాళీ కప్పు కింద పెట్టి, చుట్టూ చూశారు. పేరు రాయకూడదన్న మనిషిని నేనేనన్న గౌరవమో, పదిమందిలో కాదనడం బాగుండదనో, సరేనన్నారు.

“సాయంత్రం దాకానే. ఈలోగా నీ చెరువు తూము ఎవరూ ముట్టుకోకూడదు” అన్నారు. ట్రాక్టరు అక్కడే ఉంచారు, బస్తాలు దింపలేదు.

ల్యాబుకి ఫోను చేస్తే, రిపోర్టు సంగతులు ఫోనులో మాట్లాడం, వచ్చి కనుక్కోండి అన్నారు. కైకలూరులో బస్సెక్కి ఏలూరు వెళ్ళాం. కొల్లేటి మీద రోడ్డు పొడుగునా దానమ్మ మాట్లాడలేదు. నేను ఊరుకోలేను కదా. ఇక్కడ పెద్ద కొంగలొకప్పుడు బస్సుతో పాటు ఏలూరు దాకా ఎగిరి, స్టాండులో దిగి, తిరుగు బస్సుకి వచ్చేవనీ, కండక్టరు వాటికి సగం టికెట్టు కొట్టేవాడనీ చెప్పాను.

“సగమెందుకండీ?” అంది కిటికీలోంచి చూస్తూనే.

“ఒంటికాలి మీద నిలబడతాయి కదమ్మా.”

నవ్వింది. ఆ రోజు నవ్వింది అదొక్కసారే.

ఏలూరులో పాసింజరు దొరికింది. భీమడోలులో పెసరట్టు తినమంటే వద్దంది. గూడెంలో దిగి, ఆటోలో ల్యాబుకి చేరాం. మెట్ల మీద రొయ్యల వాసన, లోపల ఏసీ. ముందు గదిలో కంప్యూటరు దగ్గర ఒక పిల్ల కూర్చుని ఉంది. పేరు ఫర్జానా, ఏలూరు నించి రోజూ రైల్లో వచ్చి వెళ్తుందట. సీసాలు తీసుకోవడం, వివరాలు ఎక్కించడం, మెసేజీలు పంపించడం అంతా ఆవిడ పనే. ల్యాబు యజమాని శ్యామ్ సుందర్ తణుకు వెళ్ళాడు.

దానమ్మ ఫోను చూపించి, మొదటి నించీ అడిగినట్టే అడిగింది.

“అమ్మా, నాకు చెరువు ఒకటేనండి. రెండెందుకొచ్చినయ్యి?”

ఫర్జానా ఏదో జవాబు చెప్పబోయి ఆగింది. ఫోను తీసుకుని రెండు మెసేజీలూ మళ్ళీ చదివింది. కంప్యూటర్లో వెతికితే 1124 అని రెండు వరసలు వచ్చాయి.

“రెండు సీసాలు పంపారాండీ మీరు?”

“లేదండి. సొసైటీ వాళ్ళు ఒకటే తీశారు. నా ఎదురుగానే.”

ఆ పిల్ల లేచి ఫ్రిజ్ తెరిచి సీసాల అర బయటికి లాగింది. మూతల మీద వరస నెంబర్లున్నాయి, పరీక్ష మిషన్లో పెట్టిన వరసే. కంప్యూటర్లో రెండు 1124ల వరస నెంబర్లు చూసుకుని, ఆ రెండు సీసాలూ తీసి బల్ల మీద పెట్టింది. చుట్టూ అంటించిన కాగితం మీద మా సొసైటీ మనిషి చేతిరాత. ఒకదాని మీద 11/24. ఇంకోదాని మీద 112/4.

ఫర్జానా ఒక గీత మీద, తరవాత రెండో గీత మీద వేలు పెట్టి చూసింది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“గీత పోయిందండీ” అంది.

నాకు అర్థం కాలేదని మొహం చూసి తెలుసుకున్నట్టుంది, ఒక కాగితం తీసుకుని నిదానంగా చెప్పింది. ల్యాబుకి వచ్చే ప్రతి రైతూ ఫోను నెంబరు ఒక్కో రకంగా ఇస్తాడు. ఒకడు ముందు ప్లస్ తొంభై ఒకటి పెడతాడు, ఒకడు సున్నా పెడతాడు, ఒకడు మధ్యలో చిన్న గీత పెడతాడు, ఒకడు పక్కన తన పేరు కూడా రాస్తాడు. వాటిని అలాగే పెడితే మెసేజీ పోదు. అందుకని కంప్యూటర్లో ఒక ఫార్ములా పెట్టారు. అంకెలు తప్ప అక్షరాలూ, ఖాళీలూ, గీతలూ, బ్రాకెట్లూ అన్నీ తీసేస్తుంది. మిగిలిన అంకెల్లో చివరి పదీ తీసుకుంటే అదే ఫోను నెంబరు. బిల్లు నెంబర్లకీ అదే వాడారు. అన్ని బిల్లుల ముందూ ఉండేవి అవే అక్షరాలు కాబట్టి, అవి తీసేసినా ఏ బిల్లు ఏదో తెలిసిపోతుంది.

“అది బాగా పనిచేసిందండీ. ఈ వారమే చెరువు నెంబర్లక్కూడా పెట్టెయ్యమన్నారు సారు. ఒకళ్ళు సర్వే నెంబర్ అని రాస్తారు, ఒకళ్ళు అడ్డగీత పెడతారు, ఒకళ్ళు ఏటవాలుగా పెడతారు. రైతుల లిస్టులో ఒకలా, సీసా మీద ఒకలా ఉంటే కలవడంలేదు. అంకెలొక్కటే ఉంచితే కలుస్తాయి కదా అన్నారు.”

“కలిసినయ్యి” అన్నాను.

“ఫోన్ నెంబర్లో గీత ఊరికే పెడతారండీ, తీసేసినా అదే ఫోను. ఇక్కడ గీత ఉంటేనే ఏది ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. తీసేస్తే పదకొండు, ఇరవైనాలుగు కలిపినా అదే. నూటపన్నెండు, నాలుగు కలిపినా అదే.” కాగితం మీద రెండూ రాసి, రెండు గీతలూ కొట్టేసి చూపించింది. 1124, 1124.

“మరి రెండూ నాకే ఎందుకొచ్చినయ్యండీ?” అంది దానమ్మ.

“లిస్టులో ఆ నెంబరు పైనించి వెతుక్కుంటూ వస్తుందండీ. మొదట దొరికినవాళ్ళ ఫోను తీసుకుని ఆగిపోతుంది. మీరు పైన ఉన్నారు. నూటపన్నెండు బై నాలుగు వాళ్ళు కింద ఉన్నారు. వాళ్ళ దాకా పోలేదు.”

“అయితే నా చెరువుకి...”

“మీ చెరువులో లేదండీ. వాళ్ళ చెరువులో ఉంది.”

దానమ్మ కొంగు నెత్తిన కప్పుకుంది. దేవుణ్ణి తలుచుకుందో ఏమో, కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. నేను నరసరాజు గారి కాఫీ కప్పు గురించి ఆలోచిస్తున్నాను.

ఫర్జానా మంచి పిల్ల. ఆ మంచితనమే మా కొంప ముంచింది. సీసాల మీద ఉన్నట్టుగా, గీతలతో సహా, రెండు చెరువులకీ విడివిడిగా కొత్త రిపోర్టు తయారుచేసి అచ్చు తీసింది. ల్యాబు ముద్ర వేసింది. మేము ఆ కాగితం ఆరబెట్టుకుంటూ ఉండగా, నూటపన్నెండు బై నాలుగు వాళ్ళ ఫోను నెంబరు లిస్టులో చూసి ఫోను చేసేసింది. తెగులు ఉన్న రైతుకి ముందు చెప్పాలి, అది వాళ్ళ నియమం. మాకు వినపడుతూనే ఉంది.

“నమస్కారమండీ, ల్యాబు నించండీ. పొద్దున మెసేజీ వేరేవాళ్ళకి వెళ్ళిందండీ, మా వైపు పొరపాటు. మీ నూటపన్నెండు బై నాలుగు చెరువులోనండీ వైరస్ ఉంది. పదకొండు బై ఇరవైనాలుగుకి లేదండీ. మీ సొసైటీ వాళ్ళకి మీరు చెప్పేస్తారా, నేను చెప్పనాండీ?”

అవతలి మాట కొంచెమే.

“సరేనండీ. చాలా థాంక్సండీ” అని పెట్టేసింది. మా వైపు తిరిగి, “చాలా మర్యాదగా మాట్లాడారండీ. సొసైటీకి తనే చెప్పుకుంటానన్నారు” అంది.

“ఆయనే సొసైటీ అమ్మా” అన్నాను.

ఆ పిల్లకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక సొసైటీ గ్రూపులో కొత్త రిపోర్టు పెట్టబోయింది. ఆ గ్రూపు ప్రెసిడెంటు గారిది. అప్పటికే ఆయన సెట్టింగు మార్చి, తను తప్ప ఎవరూ ఏమీ పెట్టకుండా చేసేశారు. నేను మా ఊరివాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ ఫోను చేశాను. ఒకడు ఎత్తలేదు. ఒకడు ఎత్తి, “ఇది కూడా మీ కొర్రమీను కథేనా తాతగారూ” అని నవ్వాడు. కోపం రాలేదు నాకు. ఇన్నేళ్ళూ నేను నాటిన మొక్కే కదా అది.

తిరుగు రైలు భీమడోలు దాటాక ఏదో బండికి దారి ఇవ్వడానికి ఆగింది. దానమ్మ ఆ కాగితాన్ని చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కొంగల సంగతి ఇంకొకటి చెప్పబోయాను. చెయ్యి ఎత్తి వద్దంది.

“సాయంత్రం దాకా ఆగుతామన్నారు కదండీ” అంది. రైలు కదిలాక మళ్ళీ అదే అంది.

ఊళ్ళో ఆటో దిగేసరికి ఎండ ఇంకా ఉంది. గాలి దానమ్మ చెరువు వైపునించి వీస్తోంది. వాసన ముక్కుకి తగలగానే నా కళ్ళు మండాయి. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళలో ఉంటుందే, ఆ వాసన వంద రెట్లు.

దానమ్మ పరుగెత్తలేదు. పొద్దున పరుగెత్తిన గట్టు మీదే నెమ్మదిగా నడిచింది. చెరువు మీద తెల్లటి నురగ. ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, మందు బాగా కలవాలని వాళ్ళే వేసి పోయారు. గట్టు వారంతా రొయ్యలు, చిన్నవి, ఇంకా చిటికెన వేలంత కూడా కానివి, వెల్లకిలా తేలుతున్నాయి. వాటి ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నేను వంగి తీసి చూశాను. గాజులా ఉన్నాయి.

అక్కణ్ణించే ఊరి రెండో చివర కనపడుతుంది. నరసరాజు గారి పెద్ద చెరువు మీద వలలు లాగుతున్నారు. ఐసు బండ్లు నిలబడి ఉన్నాయి. ఆయన రొయ్యలు పట్టి అమ్ముకోవడానికి వచ్చిన సైజు, తెల్లమచ్చ ఉన్నా తినేవాడికి ఏమీ కాదు, చావకముందే పడితే ఎవరూ అడగరు. నీళ్ళు తగ్గకపోతే వలకి అందవు కాబట్టి తూము ఎత్తేశారు. కాలవ నిండుగా పారుతోంది.

నేను కాగితం పట్టుకుని ఆయన గట్టు మీదకి వెళ్ళాను. ఆయన నన్ను చూసి కుర్చీ తెప్పించారు.

“సాయంత్రం దాకా అన్నారు రాజుగారూ.”

“అన్నాను పెద్దాయనా. కానీ జనం ఊరుకోలేదు. భయపడ్డారు. అందరి చెరువుల సంగతి కదా.”

“ల్యాబు నించి మీకు ఫోనొచ్చింది.”

“ఏ ఫోను?”

“ఆ పిల్ల చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.”

ఆయన కాగితం తీసుకుని చదివారు. మడతపెట్టి మళ్ళీ నా చేతిలోనే పెట్టారు.

“మెసేజీ దానమ్మ ఫోనుకి వచ్చింది. ఊరంతా చూసింది. కాగితం మీ ఇద్దరే తెచ్చారు. ఎవరినైనా పిలిచి చదివించండి. అయినా నా చెరువులో రొయ్యలేవి, మళ్ళీ పరీక్ష చెయ్యడానికి?” అని ఐసు బండ్ల వైపు చూశారు. “మీరు చేపల రైతు. ఈ రొయ్యల గొడవలో మీకెందుకు చెప్పండి, ఈ వయసులో.”

“కాలవలోకి నీళ్ళు వదిలారు.”

“కట్టుబాటు తెగులున్న చెరువుకే పెద్దాయనా.”

కాలవ ఆయన చెప్పిన మాట వినలేదు. దాని పని అది చేసింది. వారం తిరక్కుండా కాలవ దిగువన ఒక్కో చెరువులో రొయ్యలు గట్టు పక్కకి రావడం మొదలుపెట్టాయి. నవ్విన వాళ్ళ చెరువుల్లోనూ, ఫోను ఎత్తని వాళ్ళ చెరువుల్లోనూ. అప్పుడైనా కాగితం చూస్తారనుకున్నాను. చూడలేదు. తెగులు దానమ్మ చెరువు నించే వచ్చిందన్నారు. బ్లీచింగు కొట్టిన రోజు చచ్చిన రొయ్యల్ని కొంగలు ఎత్తుకుపోయి అందరి చెరువుల్లో పడేశాయన్నారు. ఆడమనిషి, కొత్త మనిషి, రెండు మెసేజీలు చూపించి ఆలస్యం చేసిందన్నారు. నా జీవితంలో నేను చెప్పిన కథలన్నీ కలిపినా, కొంగల మీద అంత పెద్ద అబద్ధం ఆడలేదు.

శ్యామ్ సుందర్ కారులో వచ్చాడు. సొసైటీ షెడ్డులో కూర్చుని, రైతులు చెరువు నెంబర్లు ఒక పద్ధతిలో రాయకపోవడం వల్లే ఈ గందరగోళం వచ్చిందని చెప్పాడు. పొరపాటు చేసిన ఆపరేటర్ని తీసేశామని కూడా చెప్పాడు. నేను లేచి, ఫార్ములా పెట్టమన్నది ఎవరని అడిగాను. అతను నరసరాజు గారి వైపు చూశాడు. నరసరాజు గారు నన్ను కూర్చోమన్నారు.

“పెద్దాయన చెప్పేది కూడా వినండి. ఆయన సరదా మనిషి” అన్నారు అందరితో.

లేచి ఆ గీత సంగతి చెప్పాను. సీసాలు నా కళ్ళతో చూశానన్నాను. గోడ మీద సుద్దముక్కతో రెండు నెంబర్లూ రాసి, గీతలు చెరిపి చూపించాను. రెండూ ఒకటే అయ్యాయి. ముందు వరసలో ఒకడు, “నిజమేనండోయ్” అన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఊరుకున్నాడు. వాడి చెరువుకి నీళ్ళు వచ్చేది నరసరాజు గారి బోరు నించి.

ఆ మీటింగులో కొత్త కట్టుబాటు చేశారు. ఇకమీదట సీసా మీదగాని, రైతుల లిస్టులోగాని గీతలు, అక్షరాలు, చుక్కలు ఏవీ ఉండకూడదు. అంకెలొక్కటే రాయాలి. అంతా ఒకే పద్ధతిలో ఉంటే పొరపాట్లు రావు. చప్పట్లు కొట్టారు.

దానమ్మ షెడ్డు బయట గుమ్మం పక్కన నిలబడి ఉంది. కౌలు పోయింది కాబట్టి ఇంక లోపలికి రావడానికి లేదు. చెరువు ఆసామి దాన్ని నరసరాజు గారికి రాసిచ్చాడు, ఇప్పుడక్కడ మూడు చెరువులూ కలిపేసి ఒకటి చేస్తున్నారు. నేను సుద్దముక్క పారేసి బయటికి వస్తుంటే ఆవిడ లోపలికి వినపడేట్టు అడిగింది.

“రాజుగారండీ, అలా గీతలు తీసేస్తే మళ్ళీ రెండు నెంబర్లు ఒకటైపోవాండీ?”

“ఏవమ్మా?”

“మీదీ, నాదీనండి.”

నరసరాజు గారు చాలా మెత్తగా చెప్పారు. ఆయన ఎప్పుడూ మెత్తగానే చెబుతారు.

“నీ నెంబరు లిస్టులోంచి తీసేశాం దానమ్మా. ఇప్పుడు 1124 అంటే ఒకటే చెరువు. ఇంక గొడవ రాదు.”

దానమ్మ గుమ్మం దిగింది. ఆవిడా నేనూ గట్టు మీదుగా వచ్చాం. పొక్లెయిను దానమ్మ గట్టు మీద పని మొదలుపెట్టింది. తాటాకు పాక అప్పటికే పక్కకి తోసేశారు. కాలవ పక్కన ఒక కొంగ నిలబడి మావైపు చూస్తోంది. అలవాటుకొద్దీ దాని మీద ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

“అయ్యో, నా ట్రే” అంది దానమ్మ. వెళ్ళి పొక్లెయిను వాణ్ణి చెయ్యి ఊపి ఆపమని, మట్టిలోంచి ఆ వలగుడ్డ పళ్ళెం లాక్కుని, అంచుకి అంటిన బురద దులుపుకుంటూ ఇంటిదారి పట్టింది.